డ్రెయిన్ బోల్టు బిగించాక ఆ నల్ల ఆయిల్ ఎక్కడికి పోవాలి?

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో, ఇంటి దగ్గరే బండి ఆయిల్ మార్చుకునేవాళ్ళ కోసం ఒక సీనియర్ మెకానిక్ ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

నమస్కారం అండి. వెనక నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకి రండి. ఈ బల్ల మీద పెట్టినవి దగ్గర నుంచి చూడాలి, దూరం నుంచి అన్నీ నల్లగానే కనిపిస్తాయి. పిల్లల్ని మాత్రం ఇటువైపు రానివ్వకండమ్మా, చేతులు పెట్టేస్తారు.

సొంతంగా ఆయిల్ మార్చుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. మార్చడం ఎలాగో నేను ఇవాళ చెప్పను, అది మీకు వచ్చు. నేను అడిగేది ఒక్కటే. దింపిన పాత ఆయిల్ ఏం చేస్తున్నారు? తమ్ముడు చైన్‌కి రాస్తున్నానన్నాడు. ఆ పక్కాయన సెల్లారు మూలన డబ్బాలో ఉందన్నారు, ఎప్పటిదో గుర్తు లేదన్నారు. అక్కడ అమ్మగారు, 'మా ఆయన కాలువలో పోసేస్తారండి' అన్నారు. దాచకుండా చెప్పారు, చాలా మంచిది. ఈ మూడింటి గురించే ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట చెబుతాను, మిగతాదంతా దాన్ని పట్టుకునే వస్తుంది. దింపిన ఆయిల్ దేంతోనూ కలవకుండా మూత ఉన్న డబ్బాలో ఉంటే అది ముడిసరుకు. దాన్ని శుద్ధి చేసి మళ్ళీ కందెన తయారు చేస్తారు. అదే ఆయిల్‌లో నీళ్ళో, పెట్రోలో, బ్రేక్ ఆయిలో కలిసిందనుకోండి, ఇక అది చాలావరకు ఎవరూ తీసుకోని విషపు చెత్త. అది ముడిసరుకు అవుతుందా, చెత్త అవుతుందా అన్నది ఫ్యాక్టరీలో తేలే విషయం కాదు. మీ ఇంటి దగ్గర, బోల్టు విప్పిన మొదటి అరగంటలోనే తేలిపోతుంది.

ఇంతకీ ఆ నల్ల ఆయిల్‌లో ఏముంది? కొత్త ఆయిల్ తేనె రంగులో ఉంటుంది, రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగేసరికి నల్లబడుతుంది. ఆ నలుపు పెట్రోలు మండినప్పుడు వచ్చిన మసి. మసి ఒక్కటే అయితే పెద్ద గొడవ లేదు. పిస్టన్ పక్కల నుంచి కాస్త పెట్రోలు కిందికి జారుతుంది, ముఖ్యంగా పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి పాలపాకెట్ కోసం రెండు వీధులు తిరిగి ఆపేసేవాళ్ళ బళ్ళల్లో. ఇంధనం మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకపోతే ఆ తేమ ఆయిల్‌లోనే ఉండిపోతుంది. తేమా, మండిన వాయువులూ కలిసి ఆమ్లాలు తయారవుతాయి. అరిగిన ఇనుము, రాగి, అల్యూమినియం రజను ఎలాగూ ఉంటుంది.

బైకుల్లో ఇంకో సంగతి ఉంది. మన దగ్గర తిరిగే గేరు బైకులన్నిట్లో దాదాపుగా ఇంజిన్‌కీ, గేర్లకీ, క్లచ్ ప్లేట్లకీ ఒకే ఆయిల్. అంటే గేరు పళ్ళ నుంచి రాలిన రజను, క్లచ్ ప్లేట్ల నుంచి ఊడిన పొడి, అన్నీ అందులోనే. అందుకే బైకు ఆయిల్ దింపాక ట్రే అడుగున వేలితో రాస్తే మెరుపు కనిపిస్తుంది. గ్లవ్స్ వేసుకుని రాయండి. ఎందుకన్నది తర్వాత చెబుతాను.

ఇప్పుడు వడకట్టడం సంగతి. 'బాగానే ఉంది కదండీ, జిడ్డు పోలేదు, పంచె గుడ్డలో వడకట్టి పాత స్కూటర్‌కో జనరేటర్‌కో పోస్తే ఏం పోయింది?' అంటారు. చాలామంది నమ్మే మాట ఇది. కొందరు ఇంకాస్త ఓపిక చేసి, నెల రోజులు కదపకుండా ఉంచి, పైన తేరిన ఆయిల్ ఒంపుకుంటారు.

ఈ కాగితం చూడండి. మామూలు బ్లాటింగ్ పేపర్. ఎడమ పక్క చుక్క బైకు నుంచి దింపిన ఆయిల్. కుడి పక్క చుక్క అదే ఆయిల్, కానీ నాలుగు మడతలు వేసిన నేత గుడ్డలో వడకట్టినది. నిన్న రాత్రి వేశాను. ఏమైనా తేడా కనిపిస్తోందా? దగ్గరికి వచ్చి చూడండి. రెండింటికీ నడుమ నల్ల బొట్టు అలాగే ఉంది, చుట్టూ బూడిద రంగు వలయం అలాగే ఉంది. గుడ్డలో చిక్కింది ఏమిటంటే కాస్త ఇసుకా, ఒక గాస్కెట్ ముక్కా. మసి రేణువు ఒక మైక్రాన్ కంటే చిన్నది. గుడ్డ పోగుల మధ్య సందులు దానికి ఎన్నో రెట్లు పెద్దవి. అందులోంచి మసి హాయిగా దిగిపోతుంది.

సరే, మసి కూడా చిక్కే ఫిల్టరు దొరికిందనుకుందాం. అప్పుడైనా పనికొస్తుందా? రాదు. ఎందుకంటే ఆమ్లమూ పెట్రోలూ రేణువులు కావు, ఆయిల్‌లో కలిసిపోయి ఉంటాయి. టీలో కరిగిన పంచదారని జల్లెడ పట్టి తీయగలమా? ఇదీ అంతే. ఇంకో పెద్ద కారణం ఉంది. కొత్త ఆయిల్‌లో కంపెనీవాళ్ళు కొన్ని మందులు కలుపుతారు. ఆమ్లాన్ని విరిచేది ఒకటి, మసిని గడ్డ కట్టనివ్వకుండా విడివిడిగా తేల్చి ఉంచేది ఒకటి, లోహం మీద పలచటి పొరలా పట్టి అరుగుదల ఆపే జింకు మందు ఒకటి. ఈ మందులు పని చేసి చేసి అయిపోతాయి. మీరు ఆయిల్ మార్చేది అవి అయిపోయాయనే. వడకడితే చెత్త కొంత పోతుందేమో గానీ అయిపోయిన మందు తిరిగి రాదు కదా?

తేరబెట్టడం కూడా అందుకే పనిచేయదు. మసి అడుక్కి దిగకుండా తేలి ఉండాలనే ఆ మందు కలిపారు. నెల రోజులు ఉంచినా పైన తేరేది తేటగా ఉండదు. పొరపాటున తేటగా కనిపించిందంటే మందు పూర్తిగా చచ్చిందని అర్థం, అది ఇంకా ప్రమాదం.

అలాంటి ఆయిల్ జనరేటర్‌లో పోస్తే ఏమవుతుంది? ఆ రోజే ఆగిపోదు, అందుకే జనం నమ్ముతారు. పెట్రోలు కలిసి పలచబడ్డ ఆయిల్ కాబట్టి బేరింగుల దగ్గర పొర నిలవదు. రింగులు అరుగుతాయి, నీలం పొగ మొదలవుతుంది, ఆయిల్ మట్టం తరచూ తగ్గుతుంది. ఆరు నెలల తర్వాత సిలిండర్‌కి బోరు చేయించాల్సి వస్తే 'జనరేటర్ పాతబడింది' అంటారు. వందల్లో ఆదా చేసి వేలల్లో కట్టడం అది.

మరి ఫ్యాక్టరీలో అదే ఆయిల్‌ని ఎలా వాడుకుంటున్నారు? ఇది న్యాయమైన ప్రశ్న. మూలంలో ఉన్న నూనె నిజంగానే అరగదు. ఫ్యాక్టరీలో ముందు వేడి చేసి నీళ్ళూ పెట్రోలూ ఆవిరి చేసి తీస్తారు. తర్వాత గాలి తీసేసిన పాత్రలో, అంటే వాక్యూమ్‌లో, స్వేదనం చేస్తారు. మసీ, లోహాలూ, చచ్చిన మందులూ తారులాగా అడుగున మిగులుతాయి. పైకి వచ్చిన నూనెని మళ్ళీ శుద్ధి చేసి, కొత్త మందులు కలిపి, అప్పుడు డబ్బాల్లో పోస్తారు. ఇంట్లో గుడ్డతో ఇందులో ఒక్క మెట్టు కూడా ఎక్కలేం. కానీ ఆ ఫ్యాక్టరీకి చేరితే ఫలితం మామూలుది కాదు. అమెరికా పర్యావరణ సంస్థ చెప్పే లెక్క ఒకటుంది. సుమారు 3.8 లీటర్ల వాడిన ఆయిల్ నుంచి 2.4 లీటర్ల దాకా మంచి కందెన తీయవచ్చట. అంతే కందెన నేరుగా ముడి చమురు నుంచి తీయాలంటే ఒక పీపా, అంటే 159 లీటర్లు కావాలట. అందుకే దాన్ని ముడిసరుకు అంటున్నాను.

తమ్ముడూ, చైన్ సంగతికి వస్తున్నాను. కాలిన ఆయిల్ రాస్తే చైన్ చప్పుడు తగ్గుతుంది, నిజమే. రెండు రోజులు. ఆ ఆయిల్ పలచన కాబట్టి చక్రం తిరిగేసరికి రిమ్ము మీదికీ, టైరు పక్కలకీ చిమ్ముతుంది. చిమ్మగా మిగిలినదానికి దుమ్ము అంటుకుంటుంది. ఆయిల్‌లో ముందే ఉన్న ఇనప రజను, పైన పడ్డ ఇసుక, రెండూ కలిసి చైన్ పిన్నుల మధ్య నూరుతూ ఉంటాయి. బీచ్ రోడ్డు మీద తిరిగే బళ్ళకైతే ఇసుకకి తోడు ఉప్పు గాలి. చైన్‌కి ఏం రాయాలో మీ బండి పుస్తకంలోనే ఉంటుంది. చాలా బైకులకి 90 నంబరు గేర్ ఆయిల్ రాయమంటారు. అది చిక్కగా ఉంటుంది, చిమ్మదు. చిన్న డబ్బా కొంటే చాలా కాలం వస్తుంది. కిరోసిన్‌తో చైన్ తుడిచి, ఆరనిచ్చి, లోపలి వైపు చుక్క చుక్కగా వేసి, అదనంగా ఉన్నది గుడ్డతో తుడిచేయండి. గేటు బందులకీ, షట్టరుకీ కూడా కాలిన ఆయిల్ వద్దు. చేతులు తగిలే చోటది.

చెదలకి రాయడం, సెంట్రింగ్ రేకులకి రాయడం. ఇవి రెండూ మన దగ్గర బాగా ఉన్నాయి. చెదల మందుగా దానికి గుర్తింపేమీ లేదు. వాసనకి కొన్నాళ్ళు పురుగు రాదేమో, తర్వాత వానకి కారి మట్టిలోకి పోతుంది. ద్వారబంధానికి రాస్తే పిల్లలు రోజూ దాన్నే పట్టుకుంటారు. సెంట్రింగ్‌కి రాస్తే స్లాబు అడుగున నల్ల మరకలు పడతాయి, ప్లాస్టరింగ్ సరిగ్గా పట్టదు. షట్టరింగ్ ఆయిల్ అని విడిగా దొరుకుతుంది, మేస్త్రీని అది తెమ్మనండి. ఇల్లు కట్టుకునేవాళ్ళు గట్టిగా అడగాలి. ఎందుకంటే రేకులకి ఆయిల్ పూసేది రోజు కూలీ, అతను అది ఉత్త చేతులతో పూస్తాడు.

దోమల మాట కూడా చెప్పాలి. వర్షాకాలంలో ఇంటి ముందు గుంటలో నీళ్ళు నిలిస్తే కాలిన ఆయిల్ పోసేస్తారు. పురుగు చస్తుంది, అది నిజం. పైన పొర పడితే దోమ పిల్లకి గాలి అందదు. కానీ ఆ పొర దోమతో ఆగదు. అదే నీటిలో ఉన్న చేపకీ, కప్పకీ గాలి అందదు. వాన గట్టిగా పడగానే గుంట పొంగి అదంతా కాలువలోకి పోతుంది. నీళ్ళ మీద చల్లడానికి దోమల నిర్మూలన కార్యక్రమాల్లో వాడే ఆయిల్ వేరే ఉంది, అందులో ఇంజిన్ మసీ లోహాలూ ఉండవు. పూడ్చగలిగే గుంట అయితే పూడ్చేయండి. పూడ్చలేని తొట్టీ, బావీ అయితే దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వేయమని మలేరియా సిబ్బందిని అడగండి.

ఇక అమ్మగారు చెప్పిన కాలువ. మన ఊళ్ళో కాలువ అంటే ఎక్కడికి పోతుంది? గెడ్డలోకి. గెడ్డ ఎక్కడికి పోతుంది? ఈ కొండకీ సముద్రానికీ మధ్య దూరమెంత చెప్పండి. చాలా ఊళ్ళల్లో కాలువలో పోసింది ఎప్పటికో నదికి చేరుతుంది. ఇక్కడ అలా కాదు, వాన పడితే ఆ పూటే సముద్రంలో ఉంటుంది. ఒడ్డున పలచగా రంగురంగుల పొర మెరుస్తూ ఉంటుందే, చూశారా? ఆయిల్ నీళ్ళ మీద ఎంత పలచగా పరుచుకుంటుందంటే, ఒక్క బండి నుంచి దింపిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచి నీటిని పాడు చేయగలదని అదే అమెరికా సంస్థ హెచ్చరిస్తుంది. అది కారు నుంచి దింపే నాలుగైదు లీటర్లకి వేసిన లెక్క. బైకుది అందులో నాలుగో వంతు అనుకున్నా చిన్నది కాదు.

కొందరు, 'కాలువలో పోయమండీ, కొబ్బరి చెట్టు మొదట్లో పోస్తాం, మట్టి పీల్చుకుంటుంది' అంటారు. పీల్చుకుని ఏం చేస్తుంది? తినేయదు కదా. వానకి కొంచెం కొంచెంగా కిందికి దింపుతుంది. మన కాలనీల్లో బోరు వెయ్యని అపార్ట్‌మెంటు ఎక్కడుంది? చెట్టుకీ బోరుకీ మధ్య ఎన్ని అడుగులు ఉందో ఇంటికెళ్ళాక చూడండి.

కాల్చడం గురించి ఒక్క ముక్క. కట్టెల పొయ్యిలో, చెత్త మంటలో పోయకండి. అంత తక్కువ వేడిలో అది సగమే మండుతుంది, లోహాలు పొగతో పాటు లేచి పక్కవాళ్ళ ముక్కులోకి పోతాయి.

ఇప్పుడు చేతుల మాట. వాడిన ఇంజిన్ ఆయిల్‌ని ఎలుకల చర్మం మీద పదే పదే పూసి పరిశోధనలు చేశారు, చర్మ క్యాన్సర్ వచ్చింది. కొత్త ఆయిల్ డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి, వాడిన ఆయిల్ చర్మానికి తగలకుండా చూసుకోమనే ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు చేతికి అంటితే కంగారు పడక్కర్లేదు, టెన్షన్ వద్దు. రోజూ అంటే మాత్రం వేరు. మా షెడ్లలో కుర్రాళ్ళు ఆయిల్ గుడ్డ ప్యాంటు వెనక జేబులో పెట్టుకుంటారు. రోజంతా అది తొడకి అంటుకునే ఉంటుంది. నేను చూసిన ప్రతి కుర్రాడికీ ఆ గుడ్డ తీయించాను. మీకు నైట్రైల్ గ్లవ్స్ చాలు, మందుల షాపులో దొరుకుతాయి. చేతికి అంటితే సబ్బు, గోరువెచ్చటి నీళ్ళు. పెట్రోలుతో కడగకండి. అది చర్మం మీది జిడ్డంతా లాగేసి ఆయిల్ లోపలికి పోయే దారి చేస్తుంది.

ఇక అసలు పని. ఒక 100 సీసీ బైకు తీసుకుందాం. అందులో పట్టేది లీటరుకి కాస్త తక్కువ. మీరు ఎలాగూ కొత్త ఆయిల్ డబ్బా ఒకటి కొంటారు. అందులో ఉన్నది ఇంజిన్‌లో పోశాక ఖాళీ డబ్బా మిగులుతుంది. పాత ఆయిల్‌కి అదే సరైన డబ్బా. కొలత సరిపోతుంది, మూత గట్టిది, లోపల ఆయిల్ తప్ప వేరే ఏదీ ఎప్పుడూ పోయలేదు. ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

ఇంజిన్ మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపండి. పది నిమిషాలు ఆగండి. గోరువెచ్చగా ఉంటే ధారగా దిగుతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. కింద అట్టపెట్టె విప్పి పరవండి, దాని మీద ట్రే. ట్రే అంటే మేస్త్రీలు వాడే పాత గమేలా అయినా చాలు, కానీ అందులో సిమెంటూ ఇసుకా లేకుండా తుడవండి. బోల్టు విప్పాక మొదట ధార ఎదురుగా దూరంగా పడుతుంది, తర్వాత దగ్గరికి వస్తుంది. ట్రేని ధారతో పాటు జరపాలి. ఒలికేది ఎక్కువగా ఈ మొదటి పది సెకన్లలోనే. పావుగంట కారనివ్వండి.

ఫిల్టరు ఉన్న బండి అయితే దాన్ని విప్పగానే చెత్తబుట్టలో వెయ్యకండి. కారు ఫిల్టరు డబ్బా లోపల చాలా ఆయిల్ ఉండిపోతుంది. దాని గుండ్రటి నెత్తిన మేకుతో ఒక బెజ్జం కొట్టి, బోర్లించి ట్రే మీద పన్నెండు గంటలు వదిలేయండి. ఇదిగో, నిన్న సాయంత్రం బోర్లించినది, ఈ గ్లాసులోకి ఎంత కారిందో చూడండి. కారిపోయాక మిగిలిన రేకు పాత ఇనుము కొట్టుకి పోతుంది.

తర్వాత గరాటు పెట్టి పాత ఆయిల్ డబ్బాలో పోయండి. చల్లారాక పోయండి. నిండా పోయకుండా పైన రెండు వేళ్ళ ఖాళీ ఉంచండి, ఎండకి ఆయిల్ వ్యాకోచిస్తుంది. మూత తిప్పి ఒక్కసారి పక్కకి వంచి చూడండి, చెమ్మ వస్తే మూత మార్చాలి. ట్రేని నీళ్ళతో కడగకండి, పాత న్యూస్‌పేపర్‌తో తుడవండి. కడిగిన నీళ్ళు మళ్ళీ కాలువలోకే పోతాయి.

ఒలికిందా? పైప్ పట్టుకుని నీళ్ళు కొట్టకండి. రంపపు పొట్టో, ఊకో, ఇసుకో పోసి కాలితో నొక్కి అరగంట ఆగండి. అది పీల్చుకున్నాక ఊడ్చి కవర్‌లో కట్టండి. ఇంకోసారి పోయండి. అప్పుడు మిగిలిన మరకకి సబ్బు పొడి, బ్రష్షు. ఆ కవర్ తడి చెత్తలో కలపకుండా, పెయింటు డబ్బాలూ పాత బ్యాటరీలూ ఇచ్చినట్టు విడిగా ఇవ్వండి.

ఏ డబ్బాలో పోయకూడదో కూడా చెప్పాలి. మంచినీళ్ళ సీసా, కూల్ డ్రింక్ సీసా, వద్దే వద్దు. వేడికి ఆ ప్లాస్టిక్ ముడుచుకుంటుంది, అది ఒకటి. రెండోది, నల్లగా ఉన్న సీసా పిల్లాడికి కూల్ డ్రింక్‌లాగే కనిపిస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. ఆయిల్ ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు ప్రమాదం అక్కడ. నోరు కడిగించి వెంటనే కేజీహెచ్‌కో దగ్గర్లో ఉన్న ఆసుపత్రికో తీసుకెళ్ళండి. ఫినాయిల్, బ్లీచింగ్, పురుగుమందు, యాసిడ్ ఉన్న డబ్బాలూ వద్దు. అడుగున మిగిలిన కొంచెం చాలు మొత్తం ఆయిల్ పాడు చేయడానికి, ముఖ్యంగా క్లోరిన్ ఉన్నవి.

కలపకూడనివి మూడు గుర్తు పెట్టుకోండి. రేడియేటర్ కూలెంట్, బ్రేక్ ఆయిల్, పెట్రోలు. మొదటి రెండూ ఆయిల్‌తో కలిస్తే శుద్ధి చేసేవాళ్ళకి పనికిరాదు. మూడోది ఇంటికే ప్రమాదం. మామూలు ఇంజిన్ ఆయిల్ అంత తేలిగ్గా అంటుకోదు, సుమారు 200 డిగ్రీలకి వేడెక్కితే గానీ దాని ఆవిరి మండదు. కార్బురేటర్ కడిగిన పెట్రోలు అందులో పోశారంటే డబ్బా మూత తీయగానే పెట్రోలు ఆవిరి ఉంటుంది, పక్కన నిప్పురవ్వ చాలు. గేర్ ఆయిల్, ఫోర్కు ఆయిల్ లాంటివి అయితే కలిపినా ఇబ్బంది లేదు.

డబ్బా మీద స్కెచ్ పెన్నుతో రాయండి: వాడిన ఇంజిన్ ఆయిల్, తేదీ, ఏ బండి. పెద్ద అక్షరాలతో, తెలుగులో. ఇంట్లో అందరూ చదవగలగాలి. దాన్ని నిలబెట్టి, ఒక పాత టబ్బులో పెట్టి, గ్యాస్ బండకీ ఇన్వర్టర్ బ్యాటరీకీ దూరంగా ఉంచండి.

డాబా మీద మాత్రం పెట్టకండి. ఇది మన ఊరికి ప్రత్యేకంగా చెప్పాలి. తెరిచిన ట్రేలో ఆయిల్ ఉంది, వాన వచ్చింది. నీళ్ళు బరువు, అడుక్కి పోతాయి. ఆయిల్ పైకి తేలుతుంది. ట్రే నిండి పొంగితే ముందు పొంగేది ఏమిటి? నీళ్ళు కాదు, ఆయిల్. వాన తగ్గాక చూస్తే ట్రే నిండా నీళ్ళుంటాయి, ఆయిల్ అంతా పైపులోంచి కిందికి పోయి ఉంటుంది. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు డాబాల మీద ఉన్నవి ఏవి మిగిలాయి? వాటర్ ట్యాంకులే ఎగిరిపోయాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంట్లో పాత ఆయిల్ ఉంటే తుఫాను కబురు రాకముందే ఇచ్చేయండి.

ఎవరికి ఇవ్వాలి? మీరు కొత్త ఆయిల్ కొన్న సర్వీస్ సెంటర్‌నే ముందు అడగండి. పెద్ద వర్క్‌షాపుల్లో పాత ఆయిల్ పీపా ఉంటుంది. దాంట్లో మీ లీటరు పోసుకోమని అడగడమే. గాజువాక ఆటోనగర్ వైపు వెళ్ళేవాళ్ళు ఉంటే నలుగురివి కలిపి తీసుకెళ్ళొచ్చు. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: 'మీ పీపా ఎవరు తీసుకెళ్తారండి?' 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్‌ని శుద్ధి చేసేవాళ్ళకి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఇంకో మార్పు వచ్చింది, కొత్త ఆయిల్ తయారుచేసి అమ్మే కంపెనీల మీదే వాడిన ఆయిల్‌ని శుద్ధికి చేర్పించే బాధ్యత పెట్టారు. కాబట్టి వర్క్‌షాపువాళ్ళు అనుమతి ఉన్నవాళ్ళ పేరు చెప్పగలగాలి. 'ఎవరో ఆటోలో వచ్చి పట్టుకెళ్తారు' అంటే అక్కడ పోయకండి, ఇంకో చోట అడగండి. ఆటోలో పోయింది ఇటుక బట్టీకైనా పోతుంది, రంగు మార్చి కొత్త ఆయిల్ పేరుతో మళ్ళీ మీ బండికైనా వస్తుంది.

అందుకే ఖాళీ డబ్బా కూడా ముఖ్యం. ఆయిల్ పీపాలో పోశాక డబ్బా అక్కడే వదిలేయకండి. కంపెనీ స్టిక్కర్ చింపి, అడుగున స్క్రూడ్రైవర్‌తో బెజ్జం కొట్టి అప్పుడు పడేయండి. బెజ్జం ఉన్న డబ్బాలో నకిలీ ఆయిల్ పోయలేరు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం. బాబు అడుగుతున్నాడు, సింథటిక్ ఆయిల్ అయితే ఇవన్నీ అక్కర్లేదా అని. అక్కర్లేదని కాదు. కొత్తగా ఉన్నప్పుడు అది మెరుగైన నూనె, ఎక్కువ దూరం వస్తుంది. కానీ ఇంజిన్‌లో తిరిగాక పట్టేది అదే మసి, అదే పెట్రోలు, అదే లోహం. అదే పీపాలో పోయొచ్చు, అదే జాగ్రత్త.

పాత ఇనుము కొట్టువాడు లీటరుకి డబ్బు ఇస్తానంటున్నాడు, ఇవ్వొచ్చా అని ఆ చివరాయన. ఎవరికి అమ్ముతాడో అడగండి. చెప్పలేకపోతే ఆ పది, ఇరవై రూపాయలు వదులుకోండి. వర్క్‌షాపులో ఊరికే ఇచ్చినా నష్టం లేదు.

ఇందాక సెల్లారు మూలన డబ్బా ఉందన్నారు కదా, మీరే. దాంట్లో వాన నీళ్ళు పడ్డాయంటున్నారు, నీళ్ళు వంపేసి ఆయిల్ ఇవ్వొచ్చా అని. వంపకండి. అడుగున ఉన్నది ఉత్త నీళ్ళు కాదు, అందులోనూ ఆయిల్, లోహాలు ఉంటాయి, దాన్ని ఎక్కడ వంపినా కాలువలో పోసినట్టే. మధ్యలో పాల మీగడలా గోధుమ రంగు పొర ఉంటే ఆయిల్, నీళ్ళు కలిసిపోయాయని. కదపకుండా అలాగే మూతేయండి. వర్క్‌షాపుకి తీసుకెళ్ళి, పీపాలో పోయకముందే 'ఇందులో నీళ్ళు కలిశాయండి' అని చెప్పండి. కొన్నిచోట్ల నీళ్ళు కలిసినదానికి విడిగా డబ్బా పెడతారు. చెప్పకుండా పోస్తే మీ రెండు లీటర్ల వల్ల వాళ్ళ 200 లీటర్ల పీపా మొత్తం వెనక్కి రావచ్చు. రేపు ఆదివారం ఉదయం నేను మళ్ళీ ఇటు వస్తాను, ఆ డబ్బా కదపడానికి ఇద్దరు ఉంటే చాలు, కలిసి తీసుకెళ్దాం.